నాలుగు రెట్లకే దొరికిన షేరు

2022 మే మొదటి వారంలో టాటా స్టీల్ వార్షిక ఫలితాలు వచ్చాయి. మార్చితో ముగిసిన ఏడాదికి లాభం 41,700 కోట్ల పైచిలుకు. కంపెనీ అప్పటిదాకా అంత లాభం చూసి ఎరగదు. షేరుకు వచ్చిన లాభం సుమారు 330 రూపాయలు, బజారులో షేరు ధర 1,300కి కాస్త తక్కువ. ధరను లాభంతో భాగిస్తే 4 కూడా రాలేదు. పెద్ద కంపెనీల షేర్లు ఇరవై, ముప్పై రెట్లకు అమ్ముడవుతున్న రోజులవి. నూటపదిహేనేళ్ల చరిత్ర ఉన్న ఉక్కు కంపెనీ నాలుగేళ్ల లాభానికే దొరుకుతోందంటే ఎవరికైనా చేయి లాగుతుంది.

ఆ ధరకు కొన్నవాళ్ల సంగతి చెప్పే ముందు ఒక చిన్న సవరణ చేసుకోవాలి. అదే ఏడాది జులైలో కంపెనీ ఒక్కో షేరును పదిగా విడగొట్టింది. కాబట్టి 1,300ని ఇప్పటి లెక్కలో 130 అనుకోండి, 330ని 33 అనుకోండి. 2023 మార్చి చివరికి షేరు 104 దగ్గరుంది. ఆ ఏడాది లాభం 8,000 కోట్లకు పడిపోయింది, షేరుకు 7 రూపాయలు. ధర తగ్గినా పీఈ మాత్రం 4 నుంచి 14 దాటింది. మరుసటి ఏడాది కంపెనీకి మొత్తంమీద 4,900 కోట్ల నష్టం వచ్చింది. నష్టానికి పీఈ ఉండదు, ఆ గడిలో గీతే కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, ఆ గీత ఉన్న 2024 మార్చిలో షేరు ధర 155.

పీఈ చవగ్గా ఉన్నప్పుడు కొన్నవాళ్లు ఏడాదికి నష్టపోయారు. పీఈ పెరిగినప్పుడు కొన్నవాళ్లు బాగుపడ్డారు. లెక్క తప్పలేదు, భాగహారమూ సరిగ్గానే ఉంది. భాగించిన సంఖ్యలోనే ఉంది తిరకాసు.

పీఈ అంటే మనం సాధారణంగా చెప్పుకునేది, ఈ లాభం ఇలాగే వస్తూంటే పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందని. అందులో ‘ఇలాగే వస్తూంటే’ అన్న ముక్క మీదే బరువంతా. నూజివీడు వైపు మామిడి తోట బేరమాడే మనిషి చెట్టు విరగకాసిన ఏడాది దిగుబడి ఒక్కటే చూసి ధర కట్టడు. మామిడి ఒక ఏడాది కాస్తే మరో ఏడాది వెనకడుగు వేస్తుందని అతనికి తెలుసు. నాలుగైదేళ్ల కాపు కనుక్కుని అప్పుడు నోరు విప్పుతాడు. షేరు కొనేటప్పుడు మాత్రం మనం నిరుటి కాపు ఒక్కదానితో ధరను భాగించి, అది చవక అనేస్తాం.

ఉక్కు లాభం అంతలా ఎగిరిపడడానికి కారణం దాని ఖర్చుల తీరులో ఉంది. లెక్క తేలిక కోసం ఒక ఊహా ఫ్యాక్టరీని తీసుకుందాం. టన్ను ఉక్కు చేయడానికి ఖనిజం, బొగ్గు, జీతాలు, వడ్డీ అన్నీ కలిపి 50 వేలు అవుతుంది. అమ్మకం ధర 55 వేలు. టన్నుకు మిగిలేది 5 వేలు. ఇప్పుడు ఉక్కు ధర 70 వేలకు పెరిగింది. జీతాలూ వడ్డీలూ ధరతోపాటు పెరగవు కాబట్టి ఖర్చు దాదాపు అక్కడే ఉంటుంది. మిగిలేది 20 వేలు. ధర పెరిగింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, లాభం పెరిగింది నాలుగింతలు. అదే ధర 48 వేలకు దిగితే కొలిమి ఆర్పలేరు, టన్నుకు 2 వేల నష్టానికి నడపాల్సిందే. చక్కెర, సిమెంటు, రసాయనాలు, ఓడల రవాణా కూడా ఈ కోవలోవే.

ఇలాంటి వ్యాపారంలో లాభం శిఖరాన ఉన్నప్పుడు పీఈ అడుగున ఉంటుంది. పెద్ద మదుపరులు మూర్ఖులు కారు. ఈ లాభం నిలవదని వాళ్లు ముందే లెక్కేసుకుని, 33 రూపాయల లాభానికి 130 కంటే ఎక్కువ ఇవ్వమంటారు. అంటే పీఈ 4 అన్నది తగ్గింపు ధర కాదు, లాభం పడిపోతుందని బజారు చెప్పిన జోస్యం. అది ఎంత త్వరగా నిజమైందో చూడండి. ఫలితాలు వచ్చిన మూడు వారాలకే, మే 22న, కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది. మర్నాడు ఒక్కరోజే షేరు పదో వంతుకు పైగా కూలింది. నవంబరులో ఆ సుంకం ఎత్తేశారు గానీ అప్పటికి ఉక్కు ధరల వేడి చల్లారింది.

సుంకం సంగతి ముందే ఊహించాలంటే ఎవరి వల్లా కాదు. కానీ 33 రూపాయలు మామూలు లాభం కాదని తెలుసుకోవడానికి జోస్యం అక్కర్లేదు. పాత వార్షిక నివేదికలు చాలు. 2017 మార్చితో ముగిసిన ఏడాది నుంచి వరసగా రాస్తే ఇలా ఉంటుంది: సుమారు 4,200 కోట్ల నష్టం, తర్వాత లాభాలు 17,800, 9,100, 1,200, 8,200, చివరికి 41,700 కోట్లు. నష్టం తీసేసి కూడితే 73,800. ఆరుతో భాగిస్తే ఏడాదికి 12,300 కోట్లు. అప్పటికి ఉన్న సుమారు 122 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 100 రూపాయలు. 1,300 రూపాయల షేరును ఈ వందతో భాగిస్తే పీఈ 13. ఒక్క ఏడాది చూస్తే నాలుగు, ఆరేళ్లు చూస్తే పదమూడు. పదమూడు దారుణమైన ధరేమీ కాదు గానీ, కారుచవక అసలే కాదు.

ఆ వరసలో 17,800 దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది లాభంలో పెద్ద ముక్క ఉక్కు అమ్మితే వచ్చింది కాదు. బ్రిటన్‌లో కార్మికుల పింఛను పథకాన్ని తిరగరాసినందువల్ల పుస్తకాల్లో పుట్టింది. ఫలితాల పట్టికలో ‘అసాధారణ అంశాలు’ అని ఒక వరస ఉంటుంది. పింఛను లెక్కలు, భూమి అమ్మకం, అనుబంధ కంపెనీలో వాటా అమ్మకం వంటివన్నీ అక్కడికి చేరతాయి. పీఈ చూపించే యాప్‌లు చాలావాటికి ఈ తేడా పట్టదు, అడుగున ఉన్న మొత్తాన్ని తీసుకుని భాగించేస్తాయి. ఆ వరసను తీసేసి మళ్లీ లెక్కేస్తే మన 13 ఇంకా పైకి పోతుంది.

సగటుకూ పరిమితి ఉందని ఒప్పుకోవాలి. టాటా స్టీల్ 2018లో దివాలా ప్రక్రియలో భూషణ్ స్టీల్‌ను కొంది కాబట్టి, 2017 నాటి కంపెనీ కంటే 2022 నాటి కంపెనీ పెద్దది. పాత లాభాలు దానికి కొంత తక్కువ కొలతే. ఆ మేరకు సగటును కాస్త పెంచి చదువుకోవచ్చు. అయితే మూడింతలకు పెంచడానికి మాత్రం ఆధారం లేదు.

పీఈ మోసం చేస్తుందని తెలిసినవాళ్లు ఈవీ/ఎబిటా చూడమంటారు. ఇల్లు కొంటూ దాని మీదున్న బ్యాంకు బాకీని కూడా నెత్తినేసుకుంటే అసలు ధర రెండూ కలిపినది కదా, ఇదీ అంతే. షేర్లన్నిటి విలువకు నికర అప్పు కలిపి, వడ్డీ, పన్ను, తరుగుదల తీయని లాభంతో భాగిస్తారు. 2022లో షేర్ల విలువ 1.57 లక్షల కోట్లు, అప్పు 51 వేల కోట్లు, వెరసి 2.1 లక్షల కోట్ల దరిదాపు. ఆ ఏడాది ఎబిటా 63,800 కోట్లు. భాగిస్తే 3.3. అదీ చవకే అంటోంది! కింద ఉన్నది అదే శిఖర లాభమైనప్పుడు ఈ కొలతా వేరేలా చెప్పదు. అయితే దీనివల్ల ఒక మేలు ఉంది, అప్పు కళ్లముందుకు వస్తుంది. మరుసటి ఏడాదికి నికర అప్పు 67 వేల కోట్లు దాటింది. పీఈ ఒక్కటే చూసేవాడికి ఇది కనిపించదు.

ఇలాంటి కంపెనీల్లో నాకు కొంచెం నమ్మకం కలిగించే కొలత పీబీ, అంటే పుస్తక విలువకు ధర ఎన్ని రెట్లన్నది. కొలిములు, గనులు, యంత్రాల విలువ ఏడాదిలో అయిదింతలు అవదు. 2022 మేలో పీబీ 1.4 దగ్గరుంది. దాన్ని 2020 మార్చితో పోల్చండి. కోవిడ్ భయంలో షేరు 270కి, విడగొట్టిన లెక్కలో 27కి, పడింది. ఆ ఏడాది లాభం 1,200 కోట్లే కాబట్టి పీఈ 20కి పైనే. ఖరీదని చాలామంది పక్కన పెట్టి ఉంటారు. పీబీ మాత్రం అరకన్నా తక్కువ. రెండేళ్లలో 27 కాస్తా 130 అయింది. పీఈ 20 ఉన్నప్పుడు చవక, 4 ఉన్నప్పుడు కాదు. పీబీనీ గుడ్డిగా నమ్మకూడదు. పాత కొలిమి మూసేసిన రోజు పుస్తక విలువ కోసుకుపోతుంది. బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ కొలిముల వ్యవహారం 2024 నష్టానికి ముఖ్య కారణం. సాఫ్ట్‌వేర్ కంపెనీలకైతే పీబీ దాదాపు పనికిరాదు, వాళ్ల ఆస్తి సాయంత్రం ఇంటికెళ్లిపోతుంది.

ఇక్కడో చిన్న చిక్కు కూడా ఉంది. ఆ 2024లోనే భారత కంపెనీ ఒక్కదాని లెక్క తీస్తే 4,800 కోట్ల లాభం, విదేశీ సంస్థలన్నీ కలిపితే 4,900 కోట్ల నష్టం. మీరు చూసే పీఈ ‘స్టాండలోన్’ లాభంతో కట్టిందా, ‘కన్సాలిడేటెడ్’ లాభంతో కట్టిందా అన్నది చూసుకోకపోతే ఒకే షేరుకు రెండు జాతకాలు కనిపిస్తాయి.

ఇదంతా లాభం నిజమైనప్పటి మాట. లాభమే అబద్ధమైతే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ తమ కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను కొంటానంది. మదుపరులు గొడవ చేస్తే వెనక్కు తగ్గింది. మర్నాడు షేరు 30 శాతం దాకా పడింది. జనవరి 6 నాటికి ధర 179, పీఈ 7 దగ్గర. అప్పట్లో హైదరాబాదు బ్రోకర్ల ఆఫీసుల్లో చేయగలిగిన లెక్క ఇది: పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు ఉంది, అంటే షేరుకు 80 రూపాయలు. అది తీసేస్తే వ్యాపారం 99 రూపాయలకే వస్తోంది, పీఈ 4. మర్నాడు రామలింగరాజు లేఖ బయటపడింది. ఆ నగదులో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్లని చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లు. ఆ సాయంత్రానికి షేరు 40 రూపాయల దగ్గర ఆగింది.

ఈ ఉచ్చును ఏ నిష్పత్తీ పట్టుకోదు. పైన ధర తప్ప తక్కినదంతా కంపెనీ ఇచ్చిన సంఖ్యే కదా. మేటాస్ ప్రకటన తర్వాత ఆ మూడు వారాల్లో పీఈ ఎందుకు అంత దిగిందని అడగడమే బయటివాడికి మిగిలిన దారి. వేల కోట్ల నగదు చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటివాళ్ల రియల్ ఎస్టేట్, నిర్మాణ సంస్థలను ఎందుకు కొనాలనుకుంది అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరక్కే కొందరు అమ్మేశారు. 179కి కొన్నవాళ్లు ఆ ప్రశ్నను వదిలేసి, 99ని భాగించారు.