పి-విలువ, బేజ్ కారకం: మనోవిజ్ఞాన శాస్త్ర విద్యార్థికి ఒక వివరణ

ఉపోద్ఘాతం

2011లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డారిల్ బెమ్ 'జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ'లో 9 ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. ఇంకా జరగని సంఘటనను మనిషి ముందే పసిగట్టగలడన్నది ఆయన వాదం. మొదటి ప్రయోగంలో 100 మంది విద్యార్థులు తెరపై కనిపించే రెండు పరదాలలో దేని వెనుక బొమ్మ ఉన్నదో ఊహించారు. వారు ఎంచుకున్న తరువాతే కంప్యూటరు ఆ స్థానాన్ని నిర్ణయించేది. శృంగార చిత్రాల విషయంలో వారి ఊహలు 53.1 శాతం సరిపోయాయి. యాదృచ్ఛికంగా అయితే 50 శాతం రావాలి. పి-విలువ 0.01. రంగంలో అందరూ అంగీకరించిన 0.05 హద్దు ప్రకారం ఇది సార్థకమైన ఫలితం.

అదే సంచికలో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాగెన్‌మేకర్స్ బృందం ఈ దత్తాంశాన్నే బేజియన్ పద్ధతిలో పునఃపరిశీలించింది. మొదటి ప్రయోగం బెమ్ వాదానికి ఇచ్చే బలం సుమారు 1.6 రెట్లు మాత్రమేనని తేల్చింది. ఒకే దత్తాంశం నుండి ఇంత భిన్నమైన నిర్ణయాలు ఎలా వచ్చాయన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

1. పి-విలువ దేనికి సమాధానం?

లెక్క సులభం కావడానికి బెమ్ ప్రయోగాన్ని పోలిన ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక వ్యక్తి 100 సార్లు ఊహించగా 61 సార్లు సరిపోయింది. శూన్య పరికల్పన ప్రకారం ప్రతి ఊహ సరిపోయే సంభావ్యత 0.5. ఆ పరికల్పన నిజమే అనుకుంటే 61 లేదా అంతకన్నా ఎక్కువ, లేదా మరోవైపు 39 లేదా అంతకన్నా తక్కువ రావడానికి గల సంభావ్యత 0.035. ఇదే పి-విలువ.

పరిశోధకుడు తరచు పొరబడేది ఇక్కడే. 0.035 అంటే శూన్య పరికల్పన నిజం కావడానికి 3.5 శాతమే అవకాశం ఉన్నదని అర్థం కాదు. పరికల్పన నిజమని ముందే అనుకుని, దత్తాంశం ఎంత అరుదైనదో ఈ సంఖ్య చెబుతుంది. మలేరియా సోకినవారిలో ఎక్కువ మందికి జ్వరం వస్తుంది. అంతమాత్రాన జ్వరం వచ్చిన వారిలో ఎక్కువ మందికి మలేరియా ఉన్నదని చెప్పలేము. మొదటి వాక్యం నుండి రెండవదానికి వెళ్ళాలంటే ఆ ప్రాంతంలో మలేరియా ఎంత వ్యాపించి ఉన్నదో తెలియాలి. పి-విలువలో ఆ సమాచారం లేదు.

మరొక లోపం కూడా ఉన్నది. పి-విలువ శూన్య పరికల్పనను మాత్రమే పరీక్షకు నిలబెడుతుంది. ప్రత్యామ్నాయ పరికల్పన ఈ దత్తాంశాన్ని ఎంత బాగా వివరిస్తుందో అడగదు. శూన్య పరికల్పన కింద అరుదైన ఫలితం ప్రత్యామ్నాయం కింద కూడా అంతే అరుదు కావచ్చు.

2. బేజ్ కారకం: రెండు అంచనాల పోలిక

బేజియన్ పద్ధతి రెండు పరికల్పనలనూ ముందుగా అంచనా చెప్పమంటుంది. సరిగ్గా 61 వచ్చే సంభావ్యత శూన్య పరికల్పన ప్రకారం 0.0071. ఇక ప్రత్యామ్నాయం తన అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పాలి. సరిపోయే రేటు 0 నుండి 1 వరకు ఏదైనా కావచ్చు, అన్నీ సమానంగా సాధ్యమే అన్నదనుకుందాం. అప్పుడు 0 నుండి 100 వరకు గల 101 ఫలితాలూ సమసంభావ్యాలు అవుతాయి. అందుచేత 61 వచ్చే సంభావ్యత 1/101, అంటే 0.0099.

ఈ రెండింటి నిష్పత్తే బేజ్ కారకం: 0.0099 / 0.0071 = 1.39. దత్తాంశం ప్రత్యామ్నాయాన్ని 1.39 రెట్లు మాత్రమే ఎక్కువగా సమర్థిస్తున్నది. హెరాల్డ్ జెఫ్రీస్ సూచించిన వాడుక ప్రకారం 3 కంటే తక్కువైన కారకం బలహీన సాక్ష్యం. పి-విలువ 'సార్థకం' అన్న ఫలితమే ఇది.

ఈ కారకంతో పూర్వ విశ్వాసాన్ని హెచ్చవేస్తే ఉత్తర విశ్వాసం వస్తుంది. రెండు పరికల్పనలకూ మొదట సమాన అవకాశం ఇచ్చినవారు ఇప్పుడు ప్రత్యామ్నాయానికి 58 శాతం ఇవ్వాలి. భవిష్యత్తును పసిగట్టడం వెయ్యికి ఒక వంతు మాత్రమే సాధ్యమని భావించినవారికి అది వెయ్యికి 1.4 వంతులు అవుతుంది.

3. 'తేడా లేదు' అని ఎప్పుడు చెప్పవచ్చు?

పి-విలువ 0.05 కంటే ఎక్కువ రాగానే 'శూన్య పరికల్పన ఆమోదించబడినది' అని రాయడం సిద్ధాంత గ్రంథాలలో తరచు కనిపించే అలవాటు. పి-విలువ ఆ అనుమతి ఇవ్వదు. 10 ప్రయత్నాలలో 5, 100 ప్రయత్నాలలో 50 సరిపోయిన రెండు ప్రయోగాలను చూడండి. రెండింటిలోనూ పి-విలువ 1. పై ప్రత్యామ్నాయంతోనే పోల్చి చూస్తే, మొదటి ప్రయోగం శూన్య పరికల్పనను 2.7 రెట్లు, రెండవది 8 రెట్లు సమర్థిస్తుంది. మొదటి ప్రయోగంలో దత్తాంశం చాలలేదు. రెండవ ప్రయోగం తేడా లేదనడానికి గణనీయమైన సాక్ష్యం ఇచ్చింది. ఈ భేదాన్ని పి-విలువ చూపలేదు.

4. పరిమితి: ప్రత్యామ్నాయాన్ని ఎవరు నిర్ణయించాలి?

బేజియన్ పద్ధతిలోని అసలు చిక్కు ఇదే. 100కు 61 వచ్చిన ఉదాహరణలో సరిపోయే రేటు 0.5 నుండి 0.7 మధ్యనే ఉంటుందని ప్రత్యామ్నాయం ముందే చెప్పిందనుకుందాం. జరగని ఫలితాలకు సంభావ్యతను వృథా చేయలేదు కనుక దాని బేజ్ కారకం సుమారు 6.7కు పెరుగుతుంది. దత్తాంశం అదే, మారినది ప్రత్యామ్నాయం మాత్రమే.

బెమ్ చేసిన ప్రతివాదం కూడా ఇదే మార్గంలో సాగింది. అట్స్, జాన్సన్‌లతో కలిసి రాసిన సమాధానంలో, వాగెన్‌మేకర్స్ బృందం ఊహించిన ప్రభావ పరిమాణాలు మరీ విస్తృతమైనవనీ, మనోవిజ్ఞాన శాస్త్రంలో సాధారణంగా చిన్న ప్రభావాలే కనిపిస్తాయనీ వాదించారు. ఆ అభ్యంతరం నిరాధారమైనది కాదు. అయితే ఫలితం చూసిన తరువాత, కారకం పెద్దదయ్యేటట్లు పరిధిని ఎంచుకోవడం పి-విలువ కోసం విశ్లేషణను మార్చడం వంటిదే.

అందువలన ప్రత్యామ్నాయ పరిధిని దత్తాంశ సేకరణకు ముందే, పూర్వ పరిశోధనల ఆధారంగా నిర్ణయించి నమోదు చేయాలి. తరువాత కొన్ని భిన్న పరిధులతో లెక్కించి, నిర్ణయం మారుతున్నదో లేదో నివేదించాలి. ఉచితంగా లభించే JASP వంటి సాఫ్ట్‌వేర్‌లో టి-పరీక్షకు ప్రామాణిక కోషీ విభాజనం వెడల్పు 0.707గా ముందే నిర్ణయించి ఉంటుంది. దానిని అలాగే వాడినవారు ఆ సంగతి సిద్ధాంత గ్రంథంలో రాయడం అవసరం. వెడల్పు తెలియని బేజ్ కారకాన్ని పరీక్షకుడు అంచనా వేయలేడు.

ముగింపు

శూన్య పరికల్పన నిజమైతే ఈ దత్తాంశం ఎంత వింతైనదని సార్థకతా పరీక్ష అడుగుతుంది. రెండు పరికల్పనలలో ఏది ఈ దత్తాంశాన్ని మెరుగ్గా ఊహించిందని బేజియన్ పద్ధతి అడుగుతుంది. బెమ్ తొమ్మిదవ ప్రయోగాన్ని రిచీ, వైజ్‌మన్, ఫ్రెంచ్‌లు మూడుసార్లు పునరావృతం చేసి, ఆ ప్రభావం కనిపించలేదని 2012లో ప్రకటించారు. 1.6 రెట్ల సాక్ష్యం ఉన్నచోట చేయవలసిన పని అదే: మరింత దత్తాంశం సేకరించి చూడడం. 0.01 అన్న పి-విలువ మాత్రం పని పూర్తయినట్లు భ్రమింపజేసింది.