పుట్టిన రోజే సూది ఎందుకు?

తెల్లవారుజామున కాన్పు అయింది. పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. తల్లీబిడ్డా క్షేమం. బిడ్డ తొడకు టీకా వేయడానికి నర్సు సిద్ధమవుతుంటే అవ్వ అడ్డం వచ్చింది.

‘‘పుట్టి గంట కూడా కాలేదు గదా సార్, అప్పుడే సూదా? పదకొండో దినం పురుడైనాక మేమే తీసుకొచ్చి వేయిస్తాంలే’’ అంది.

ఆమె మాటలో కోపం లేదు, మనవడి మీద ప్రేమే ఉంది. కానీ ఆ పదకొండు రోజులు ఆగే వీలు మాకు లేదు. గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో ఆ అమ్మాయికి హెపటైటిస్-బి ఉన్నట్టు తేలింది. ‘‘దానికేం జబ్బు సార్, మొన్నటిదాకా చేలో పని చేసింది’’ అని అవ్వ ఆశ్చర్యపోయింది. నిజమే. ఈ వైరస్ కాలేయంలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండిపోతుంది. కాన్పు సమయంలో తల్లి రక్తం, స్రావాల ద్వారా బిడ్డకు చేరుతుంది.

పెద్దవాళ్లకు ఈ ఇన్‌ఫెక్షన్ సోకితే నూటికి 95 మందికి పైగా దానంతట అదే తగ్గిపోతుంది. పుట్టినప్పుడే సోకితే లెక్క తిరగబడుతుంది. నూటికి 90 మంది బిడ్డల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. పసికందు రోగనిరోధక వ్యవస్థకు శత్రువెవరో, ఇంటివాడెవరో ఇంకా తెలియదు. వైరస్‌ను ఇంటి మనిషిలాగే చూసి వదిలేస్తుంది. చుక్క మద్యం తాగకపోయినా నలభై ఏళ్లకే కడుపులో నీరు చేరి మా వార్డుకు వచ్చేవాళ్లున్నారు. వాళ్లలో కొందరి కథ మొదలైంది ఇలాంటి ఒక కాన్పు గదిలోనే.

అందుకే దొంగ కాలేయంలో స్థిరపడేలోపే వాడెవరో ఆ పసి శరీరానికి చూపించాలి. టీకా చేసే పని అదే.

దొంగ లేకుండా చొక్కా ఒక్కటే

పోలీసు జాగిలానికి దొంగను చూపించనక్కర్లేదు. వాడు వదిలేసిన చొక్కా వాసన చూపిస్తే చాలు. హెపటైటిస్-బి టీకా కూడా అంతే. వైరస్ పైపొర మీద ఒక ప్రొటీను ఉంటుంది. రక్తపరీక్ష రిపోర్టులో ‘హెచ్‌బీఎస్ఏజీ’ అని మీరు చూసేది దీన్నే. టీకా బుడ్డిలో ఉండే సరుకు ఈ పైపొర ప్రొటీను మాత్రమే. లోపల ఉండాల్సిన వైరస్ జన్యుపదార్థం ఇందులో ఉండదు. కాబట్టి ఈ టీకాతో జబ్బు రావడం అసాధ్యం. చొక్కా దొంగతనం చేయలేదు కదా!

ఆ ప్రొటీను తయారీకి సంబంధించిన జన్యువును ఈస్ట్ కణాల్లోకి చొప్పిస్తారు. ఈస్ట్ పెరిగేకొద్దీ ప్రొటీనును తయారుచేసి పెడుతుంది. దాన్ని శుద్ధి చేసి టీకాగా వాడతారు. మన దేశంలో ఈ పద్ధతిలో తొలి హెపటైటిస్-బి టీకా పుట్టింది హైదరాబాద్‌లోనే. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ని తెచ్చింది. అప్పటివరకూ దిగుమతి టీకా సామాన్యుడికి అందని ధరలో ఉండేది. ఇప్పుడు ఇది దేశమంతటా ప్రతి బిడ్డకూ ఉచితంగా వేసే టీకాల్లో ఒకటి.

తొడలో సూది, గజ్జల్లో పాఠం

బిడ్డ తొడ ముందుభాగంలో పక్కగా, కండరంలోకి అర మిల్లీలీటరు మందు ఎక్కిస్తాం. అందులో పైపొర ప్రొటీనుతో పాటు కొద్దిగా అల్యూమినియం లవణం ఉంటుంది. ఇది గంట మోగించే పని చేస్తుంది. ఒట్టి ప్రొటీనును శరీరం పెద్దగా పట్టించుకోకపోవచ్చు. అల్యూమినియం లవణం సూది పడినచోట చిన్నపాటి వాపు కలిగించి, ‘ఇక్కడేదో జరిగింది, వచ్చి చూడండి’ అని కాపలా కణాలను పిలుస్తుంది. టీకా వేసినచోట ఒకటి రెండు రోజులు నొప్పి, ఎరుపు కనిపించేది ఇందుకే.

వచ్చిన కాపలా కణాలు ఆ ప్రొటీనును మింగి, ముక్కలు చేసి, గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు మోసుకుపోతాయి. అక్కడ లక్షల కొద్దీ తెల్ల రక్తకణాలు వేచి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. వాటిలో ఈ ప్రొటీనుకు సరిపోయేవి చాలా కొద్ది. అవి దొరకగానే సహాయక టి-కణాల అనుమతితో విభజన చెందడం మొదలుపెడతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై వేలల్లో పెరుగుతాయి. వాటిలోనూ వైరస్ పైపొరను గట్టిగా పట్టుకోగలిగినవే మిగులుతాయి. పట్టు చాలనివి రాలిపోతాయి.

ఇలా గట్టిపడ్డ కణాలు రెండు దారులు పడతాయి. కొన్ని యాంటీబాడీలు తయారుచేసే కార్ఖానాలవుతాయి. ఇంకొన్ని ఏమీ చేయకుండా నిశ్శబ్దంగా ఉండిపోతాయి. వీటినే జ్ఞాపక కణాలు అంటాం.

ఇదంతా ఒక్క పూటలో జరిగే పని కాదు. తొలి యాంటీబాడీలు కనిపించడానికే వారం, రెండు వారాలు పడుతుంది. కాన్పులో వచ్చిన వైరస్ కూడా కాలేయంలో స్థిరపడటానికి కొంత సమయం తీసుకుంటుంది. ఈ రెండింటి మధ్య పరుగుపందెం నడుస్తుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపే టీకా పడాలి. పదకొండో రోజుదాకా ఆగితే పందెంలో వైరస్‌ను ముందు పరుగెత్తించినట్టే.

అరువు తెచ్చిన కాపలా

తల్లికి వైరస్ ఉన్నప్పుడు టీకా ఒక్కదాని మీదే భారం వేయం. రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో ఇంజెక్షన్ ఇస్తాం. వీలైతే 12 గంటల్లోపే ఇవ్వాలి. ‘‘రెండూ టీకాలేనా సార్?’’ అని అవ్వ అడిగింది. కాదు. రెండోది ఇతరుల రక్తం నుంచి తీసిన సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. పాఠం అయ్యేదాకా అరువు తెచ్చుకున్న కాపలావాళ్లన్నమాట. వచ్చిన క్షణం నుంచే వైరస్‌ను చుట్టుముడతాయి. కానీ బిడ్డ శరీరానికి ఏమీ నేర్పవు. కొన్ని నెలల్లో కరిగిపోతాయి. టీకా నేర్పినది మాత్రం నిలిచిపోతుంది. ఒకటి సమయం కొనిపెడితే, ఇంకోటి చదువు చెబుతుంది.

యాంటీబాడీలు తగ్గిపోతే?

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. ‘చిన్నప్పుడు వేయించాం, ఇప్పుడు పరీక్షలో యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయి, టీకా వృథా అయినట్టేనా?’

అమెరికాలోని అలాస్కాలో 1981లో టీకా వేయించుకున్నవారిని ముప్పై ఏళ్ల తర్వాత పరీక్షించారు. సగం మందిలో మాత్రమే యాంటీబాడీలు 10 యూనిట్ల రక్షణ గీత పైన ఉన్నాయి. గీత కింద ఉన్నవారికి ఒకే ఒక్క డోసు ఇచ్చి చూస్తే ఎక్కువ మందిలో కొద్ది వారాల్లోనే మళ్లీ పెరిగాయి. యాంటీబాడీలు తగ్గినా జ్ఞాపక కణాలు ముప్పై ఏళ్లూ పాఠం మరవలేదు.

ఈ జబ్బు విషయంలో మనకో అనుకూలత ఉంది. వైరస్ చాలా నెమ్మది. శరీరంలోకి వచ్చాక జబ్బు బయటపడటానికి నెల నుంచి ఆరు నెలలు పడుతుంది. జ్ఞాపక కణాలు మేల్కొని యాంటీబాడీలు కురిపించడానికి కొద్ది రోజులు చాలు. కాబట్టి చిన్నప్పుడు అన్ని డోసులూ పూర్తయిన ఆరోగ్యవంతులకు బూస్టర్ అవసరం లేదు. డయాలసిస్ రోగులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మాత్రం వైద్యుల సలహాతో పరీక్ష చేయించుకోవాలి.

నేర్చుకున్నట్టు ఎలా తెలుస్తుంది?

ఈ టీకాలో ఒక చక్కని విషయం ఉంది. జబ్బు వచ్చి తగ్గినవారి రక్తంలో రెండు రకాల యాంటీబాడీలు ఉంటాయి. ఒకటి వైరస్ పైపొర మీద, ఇంకోటి దాని లోపలి భాగం మీద. టీకా వేయించుకున్నవారిలో పైపొర మీద యాంటీబాడీలే ఉంటాయి. చూపించింది చొక్కా ఒక్కటే కదా, లోపలిది వాళ్ల శరీరం చూడనే లేదు. ఇలా, జబ్బుతో నేర్చుకున్నవారెవరో, టీకాతో నేర్చుకున్నవారెవరో రక్తపరీక్షే చెప్పేస్తుంది.

అయితే తొందరపడి పరీక్ష చేస్తే పొరపాటు పడతాం. టీకా వేసిన కొద్ది రోజులకే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేస్తే, టీకాలోని ప్రొటీనే రక్తంలో కనిపించి ‘పాజిటివ్’ రావచ్చు. ఇమ్యునోగ్లోబులిన్ యాంటీబాడీలు చూసి బిడ్డే తయారుచేసుకున్నాడనీ భ్రమపడవచ్చు. అందుకే ఇలాంటి బిడ్డలకు తొమ్మిది నెలలు దాటాకే పరీక్ష.

టీకా ఓడిపోయే సందర్భాలూ ఉన్నాయి. పెద్దవాళ్లలో కొద్దిమంది శరీరాలు మూడు డోసులు పడినా తగినంత స్పందించవు. పొగతాగేవారిలో, ఊబకాయుల్లో, వయసు పైబడినవారిలో ఇది ఎక్కువ. పిరుదుకు వేస్తే మందు కండరంలోకి కాకుండా కొవ్వులోకి పోయి ఫలితం తగ్గుతుంది. అందుకే పెద్దలకు భుజానికే వేయాలి. ఇంకోటి, ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలే తప్ప గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే అల్యూమినియం లవణం ప్రొటీనును వదిలి గుంపులు కడుతుంది. కరిగాక మామూలుగానే కనిపించినా గంట మోగదు. ఇంట్లో ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గదికి ఆనించి పెట్టే అలవాటు మానాలి.

ఇంటికి వెళ్లేముందు

అవ్వకు ఇదంతా చెప్పలేదు. ‘‘జాగిలానికి దొంగ చొక్కా చూపిస్తున్నాం అవ్వా, దొంగ ఇప్పటికే గుమ్మంలో ఉన్నాడు’’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘‘అయితే ఆలస్యమెందుకు, వేయండి సార్’’ అంది. రెండు తొడలకూ రెండు సూదులు పడ్డాయి. తల్లి పాలు నిరభ్యంతరంగా ఇవ్వచ్చని చెప్పాం. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ టీకాలు తప్పకూడదని రాసిచ్చాం. హెపటైటిస్-బి ఆ టీకాలోనూ ఉంటుంది. ఒక్క డోసుతో చదువు పూర్తికాదు. తర్వాతి డోసులు పాఠాన్ని దిద్ది గట్టిపరుస్తాయి. భర్తకూ ఇంట్లో మిగతావారికీ పరీక్ష చేశాం. నెగటివ్ వచ్చినవారికి సున్నా, ఒకటి, ఆరు నెలల్లో మూడు డోసులు మొదలుపెట్టాం. తల్లిని కాలేయ పరీక్షలకు పంపించాం.

తొమ్మిది నెలలు దాటాక పిల్లాడిని తీసుకొచ్చారు. వైరస్ పరీక్ష నెగటివ్. పైపొర మీద యాంటీబాడీలు గీతకు బాగా పైన. పిల్లాడు నా స్టెతస్కోపు గొట్టం పట్టుకుని లాగుతుంటే, అవ్వ చిన్న గొంతుతో అడిగింది: ‘‘వీడికి ఇంక ఆ దొంగ తెలిసిపోయినట్టేనా సార్?’’

తెలిసిపోయింది అవ్వా. వాడి ముఖం కూడా చూడకుండానే.