సున్నా ఎక్కడ మొదలవుతుంది?

చలికాలంలో ఒకనాడు ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వేసవిలో మరొకనాడు 40 డిగ్రీలు. 'వేడి రెట్టింపు అయిందా?' అని ఇంట్లో పిల్లలు అడిగితే మనలో చాలామందిమి 'అవును' అనేస్తాం. కాని అది సరైన సమాధానం కాదు. ఎందుకు కాదో గ్రహిస్తే, పాఠ్యపుస్తకాల్లో కనిపించే 273 అనే సంఖ్య రహస్యం కూడా విడిపోతుంది.

గోడమీద నేలనుంచి ఒక మీటరు ఎత్తున గీత గీసి, పిల్లల ఎత్తును ఆ గీతనుంచి కొలిచామనుకుందాం. తమ్ముడు గీతకు 20 సెంటీమీటర్ల పైన ఉన్నాడు, అన్న 40 సెంటీమీటర్ల పైన. అంతమాత్రాన అన్న తమ్మునికి రెట్టింపు పొడవు అనలేం. నేలనుంచి కొలిస్తే వారి ఎత్తులు 120, 140 సెంటీమీటర్లు. ఇక ఊయలలోని పాపను గీత పక్కన నిలబెడితే ఆమె ఎత్తు 'మైనస్'లో వస్తుంది! లోపం పిల్లల్లో లేదు, మనం గీసుకున్న గీతలో ఉంది.

సెల్సియస్ సున్నా అటువంటి గీతే. మంచు కరిగే చోటును మనుషులు తమ సౌకర్యం కోసం సున్నాగా ఎంచుకున్నారు. అంతకంటే చల్లని వస్తువులు ఉన్నాయి కనుకనే మైనస్ డిగ్రీలు అవసరమయ్యాయి. మరి ఉష్ణోగ్రతకు 'నేల' ఎక్కడుంది?

ఆ జాడను వాయువులు తెలిపాయి. పైకీ కిందికీ స్వేచ్ఛగా జరిగే పిస్టన్ ఉన్న గొట్టంలో, సున్నా డిగ్రీల వద్ద 273 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. పీడనం మారకుండా దానిని ఒక డిగ్రీ వేడిచేస్తే గాలి 274 మిల్లీలీటర్లవుతుంది. 27 డిగ్రీల వద్ద 300, 100 డిగ్రీల వద్ద 373. చల్లబరిస్తే ఇదే లెక్క వెనక్కు నడుస్తుంది. మైనస్ 1 వద్ద 272, మైనస్ 100 వద్ద 173. అంటే ప్రతి డిగ్రీకి, సున్నా వద్ద ఉన్న ఘనపరిమాణంలో 273వ వంతు తగ్గుతోంది. ఈ లెక్క ఇలాగే సాగితే మైనస్ 273 వద్ద ఏమీ మిగలదు. ఏ వస్తువుకూ ఖాళీకన్నా తక్కువ చోటు ఉండదు కనుక, అంతకు దిగువన మరో ఉష్ణోగ్రత ఉండజాలదు. అదే పరమ శూన్య ఉష్ణోగ్రత.

నిజానికి గాలి అంతవరకు వాయువుగా ఉండదు. అందులోని నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల వద్దనే ద్రవమైపోతుంది. కాబట్టి ఎవరూ గాలిని మాయం చేసి చూడలేదు. వాయువులు వేరైనా, వాటి గ్రాఫు గీతలను వెనక్కు పొడిగిస్తే అన్నీ దాదాపు ఒకే బిందువు వద్ద కలుస్తాయి.

1848లో గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం థామ్సన్ ఏ ఒక్క పదార్థం మీదా ఆధారపడని ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించాడు. తరువాత ఆయనకు లార్డ్ కెల్విన్ అనే బిరుదు వచ్చింది. విశ్వవిద్యాలయం పక్కన పారే చిన్న నది పేరే ఆ కెల్విన్. నేటి కెల్విన్ మానంలో సున్నా అంటే పరమ శూన్యం. మెట్టు పరిమాణం మాత్రం సెల్సియస్‌దే. మెట్లు సమానం కనుక గుణించవలసిన, భాగించవలసిన పని లేదు. గీత నుంచి నేల వరకు ఉన్న దూరాన్ని కలిపితే చాలు. ఆ దూరమే 273. కచ్చితంగా చెప్పాలంటే 273.15. పాఠశాల లెక్కలకు 273 సరిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. గట్టిగా మూసిన ఉక్కు పాత్రలో 27 డిగ్రీల వద్ద గాలి ఉంది. దాని పీడనం రెట్టింపు కావాలంటే ఎంత వేడిచేయాలి? తొందరపడిన విద్యార్థి '54 డిగ్రీలు' అని రాస్తాడు. సరైన మార్గం ఇది: 27కు 273 కలిపితే 300 కెల్విన్. దాని రెట్టింపు 600 కెల్విన్. అందులోంచి 273 తీసివేస్తే 327 డిగ్రీల సెల్సియస్. 54 డిగ్రీలంటే 327 కెల్విన్ మాత్రమే, అక్కడ పీడనం నూటికి 9 వంతులే పెరుగుతుంది. అయితే 'ఎన్ని డిగ్రీలు పెరిగింది?' అన్న ప్రశ్నకు 273 కలపకూడదు. 20 నుంచి 40కి పెరిగినా, 293 నుంచి 313కి పెరిగినా తేడా 20 మాత్రమే.

పరమ శూన్యం వద్ద అణువుల కదలిక పూర్తిగా ఆగిపోతుందని కొందరు చెబుతారు. అదీ సరికాదు. ఇక తీసివేయడానికి వీలులేని కనీస కదలిక మిగిలే ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఆ బిందువుకు అతి దగ్గరగా వెళ్ళగలిగారు గాని, దానిని చేరలేరు. వస్తువు చల్లబడే కొద్దీ మిగిలిన కాస్త వేడిని తీయడం మరింత కఠినమవుతుంది, చివరి అడుగు ఎన్నటికీ పూర్తికాదు.

పిల్లలు మళ్ళీ అడిగితే మన జవాబు సిద్ధం: 20 డిగ్రీలంటే 293 కెల్విన్, 40 డిగ్రీలంటే 313. పెరిగింది రెట్టింపు కాదు, నూటికి సుమారు 7 వంతులు మాత్రమే.