ఉలవలది ఒక దారి... మినుములది మరో దారి!

ఆ మధ్య ఓ ఆదివారం మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. చేసింది నేనే. మావయ్యగారు కొత్తగా పళ్లసెట్టు పెట్టించుకున్నారు. ఇంకా వారం కూడా కాలేదు, గట్టివేవీ నమలలేకపోతున్నారు. నాలుగు రోజులుగా పెరుగన్నంతోనే సరిపెడుతున్నారు కదా, నోటికి హితవుగా ఉంటుందని ఉలవచారూ మినుముల పప్పూ చేద్దామనుకున్నాను. రెండూ రాత్రే నానబెట్టినవే, రెండూ చిన్న గింజలే... ఇంకేం! గ్యాసు ఆదా అవుతుందని ఒకే కుక్కర్లో రెండు గిన్నెలు పేర్చి, అయిదు విజిల్స్ రాగానే దించేశాను.

మూత తీసి చూస్తే మినుములు చక్కగా విచ్చుకుని ఉన్నాయి. ఉలవలు మాత్రం నోట్లో వేసుకుంటే కరకరమన్నాయి. వాటి నీళ్లు పల్చటి టీ డికాషన్‌లా ఉన్నాయి. ఆ పూట చారు లేదు.

మా అత్తయ్యగారిది కృష్ణాజిల్లా. చిన్నప్పుడు వాళ్లింట్లో ఎద్దులకోసం పెద్ద కుండలో ఉలవలు ఉడకబెట్టేవాళ్లట. గుగ్గిళ్లు పశువులకి, నీళ్లు మనుషులకి చారులోకి. నా వంట చూసి ఆవిడ అన్న మాట ఒక్కటే. ''అమ్మాయ్, ఉలవల్లో మనకి కావాల్సింది నీళ్లు. మినుముల్లో కావాల్సింది గింజ. రెంటినీ ఒకలా వండితే ఎలా కుదురుతుంది?''

మరుసటి ఆదివారం ఆవిడ పక్కనుండగా మళ్లీ మొదలుపెట్టాను.

నానిందని ఎలా తెలుస్తుంది?

ముందు రోజు సాయంత్రం ఉలవల్ని చేటలో చెరిగి, నీళ్లలో గాలించాం. ఈ పని తప్పదు. ఉలవల్లో వచ్చే మట్టిబెడ్డలూ చిన్న రాళ్లూ అచ్చం ఉలవల రంగులోనే ఉంటాయి, కంటికి దొరకవు. ఒక గ్లాసు ఉలవలకి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి పన్నెండు గంటలు వదిలేశాం. ఉలవ తొక్క గట్టిది, నీళ్లని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. పొద్దున చూస్తే చాలావరకు ఉబ్బి రెట్టింపయ్యాయి. కొన్ని మాత్రం ముందురోజు ఎలా ఉన్నాయో అలాగే నిగనిగలాడుతూ చిన్నగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో నొక్కి చూశాను, దిగలేదు. అవి ఎంతసేపు నానినా నానవు, కుక్కర్లోనూ ఉడకవు. పంటికింద రాయిలా తగిలేవి అవే. పళ్లసెట్టు ఉన్నవాళ్లకి పెట్టేటప్పుడు ఓపిగ్గా ఏరేయాల్సిందే. అవి మరీ ఎక్కువగా ఉంటే గింజలు బాగా పాతవేమో అనుకోవాలి. వేడిగా, తేమగా ఉన్నచోట నెలల తరబడి నిల్వ ఉన్న పప్పుగింజలు మొండికెత్తుతాయి.

మినుములకి అంత సమయం అక్కర్లేదు. ఎనిమిది గంటలు చాలు. వేళ్ల మధ్య రుద్దితే తొక్క జారి తెల్లటి పప్పు బయటికొస్తే నానినట్టే. ఎండాకాలంలో ఇంతకంటే ఎక్కువసేపు ఉంచితే నీళ్లమీద నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. దోసెల పిండికైతే ఆ పులుపు మంచిదే, పప్పుకి పనికిరాదు.

విజిల్స్ కాదు, నిమిషాలు

మనందరికీ విజిల్స్ లెక్కపెట్టడం అలవాటు. కానీ మంట ఎక్కువగా ఉంటే పది నిమిషాల్లోనే అయిదు విజిల్స్ వచ్చేస్తాయి, తక్కువగా ఉంటే అరగంటకి రెండే రావచ్చు. అందుకే మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోవడం నయం. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్లో ఒత్తిడివల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. కుక్కర్ చేసే మేలంతా అదే. సన్నని మంటమీద కూడా ఆ వేడి నిలుస్తుంది.

నానిన నీళ్లు పారబోసి, ఉలవల్ని గిన్నెలో పెట్టకుండా నేరుగా అయిదు లీటర్ల కుక్కర్లో వేశాం. ఎనిమిది గ్లాసుల నీళ్లు, ఒక చెంచా నూనె. కుక్కర్ సగానికి మించి నిండకూడదు. ఉలవలు బాగా నురగ కడతాయి, ఆ నురగ వెళ్లి విజిల్ రంధ్రానికి అడ్డుపడుతుంది. నూనె వేసేది నురగ తగ్గడానికే. మొదటి విజిల్ తర్వాత సన్నని సెగమీద ముప్ఫై అయిదు నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే పోయాక మూత తీశాం. ఈసారి నీళ్లు ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగులో చిక్కగా ఉన్నాయి!

మినుముల్ని వేరే కుక్కర్లో పెట్టాం. గ్లాసుకి నాలుగు గ్లాసుల నీళ్లు, మొదటి విజిల్ తర్వాత ఇరవై నిమిషాలు. అంతే.

ఒకటి పొడి, ఒకటి జిగురు

ఉడికిన ఉలవని వేళ్లతో నలిపితే పిండిపిండిగా విడిపోతుంది. తొక్క మాత్రం విడిగా చేతికి తగులుతుంది. ఎంత ఉడికినా అది వెన్నలా అవదు, దాని స్వభావమే అంత. అందుకే గింజని గుగ్గిళ్లుగా తాలింపు పెట్టి, సారమంతా దిగిన నీళ్లని చారు కాస్తారు. మినుము దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇడ్లీ పిండిని పట్టి ఉంచే జిగురు మినుములోదే కదా. ఉడికించినప్పుడు ఆ జిగురే నీళ్లలోకి దిగి పప్పుని చిక్కబరుస్తుంది. గరిటె వెనకవైపుతో పావువంతు గింజల్ని మెదిపి, మూత లేకుండా మరో ఇరవై నిమిషాలు సన్నని సెగమీద కలుపుతూ ఉంచితే, పాలు గానీ మీగడ గానీ పోయకపోయినా మీగడలా వస్తుంది. హోటళ్లలో మనం తినే దాల్ మఖనీకి మొదలు ఈ నల్ల మినుములే. వెన్నా మీగడా తర్వాత సంగతి.

పోయినసారి నేను చేసిన ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది. పని తేలికవుతుందని ఉలవల గిన్నెలో ముందే చింతపండు వేసేశాను. పులుపు తగిలితే ఏ పప్పుగింజైనా మెత్తబడటానికి మొరాయిస్తుంది. చింతపండు, టొమాటో, ఆమ్‌చూర్... ఏదైనా సరే గింజ ఉడికాకే. బోరునీళ్లలోని సున్నం కూడా ఇలాంటి పనే చేస్తుంది. మాకు బోరునీళ్లే గనక ఈసారి తాగే నీళ్లతో వండాం. చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా మెత్తబడే మాట నిజమే గానీ, సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. అత్తయ్యగారైతే ఆ డబ్బా ముట్టనివ్వలేదు.

ఇక చారు. వడకట్టిన నీళ్లు దాదాపు ఆరు గ్లాసులు వచ్చాయి. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, కారం, కొద్దిగా బెల్లం వేసి, సగానికి ఇగిరేదాకా మరిగించాం. ముప్పావుగంట పట్టింది. ఉల్లిపాయ ముక్కలు, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకుతో తాలింపు. రెండు చెంచాల ఉడికిన ఉలవల్ని మిక్సీలో మెత్తగా రుబ్బి అందులోనే కలిపితే చారు మరింత చిక్కబడింది. మినుముల పప్పుకి నెయ్యి, వెల్లుల్లి తాలింపు చాలనిపించింది.

మావయ్యగారు వేడన్నంలో ఉలవచారు పోసుకుని, పైన ఇంత వెన్న వేసుకుని రెండోసారి కూడా వడ్డించుకున్నారు. గుగ్గిళ్లు మాత్రం పిల్లలకీ మాకూనే. ఎంత ఉడికినా ఆ తొక్క పళ్లసెట్టు కింద ఇరుక్కుంటోందట. మిగిలిన మినుముల పప్పుని ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి ముద్దలా గట్టిపడింది. అరగ్లాసు వేడినీళ్లు పోసి కలిపి మళ్లీ కాస్తే మామూలుగా అయింది. రాత్రి చపాతీల్లోకి అదే.