పరిమితులు రాస్తే పరిశోధన పలచబడుతుందా?

జర్నలిజం డిసర్టేషన్లలో చివరి అధ్యాయం తెరిస్తే తరచూ ఎదురయ్యే వాక్యం ఇది: 'సమయాభావం వల్ల శాంపిల్ చిన్నది, ఫలితాలను అందరికీ వర్తింపజేయలేం.' వినయంగానే ఉంటుంది కానీ, వైవాలో ఎగ్జామినర్ పట్టుకునేది దాన్నే. అలాంటప్పుడు ముందు అధ్యాయంలో 'తెలుగు పత్రికలు' అని ఎలా రాశారని అడుగుతారు.

ఒక విద్యార్థి రెండు దినపత్రికల జిల్లా పేజీల్లో జూన్ నుంచి నవంబర్ దాకా వచ్చిన రైతు వార్తలు చదివారనుకుందాం. ఎక్కువ వార్తల్లో అధికారుల మాటే ఉంది, రైతు మాట అరుదు అని తేలింది. దీనికి పరిమితి ఎలా రాయాలి? ఏ ఫలితాన్ని, ఎటువైపు, ఎంతవరకు మారుస్తుందో చెప్పాలి. 'ఈ లెక్క ఖరీఫ్ నెలలది. రబీ ధాన్యం కొనుగోళ్ల వేళ రైతులు రోడ్డెక్కితే వారి మాటలు వార్తల్లో పెరగవచ్చు. అందువల్ల ఏడాది మొత్తం మీద అధికారుల వాటా ఇంతకన్నా తక్కువ ఉండవచ్చు. ఈ రెండు పత్రికల ఖరీఫ్ వార్తల వరకు మాత్రం ఫలితం నిలుస్తుంది.' ఇలా రాస్తే ఫలితానికి సరిహద్దు ఏర్పడుతుంది, అంతే.

వార్తలన్నీ తానొక్కరే వర్గీకరించి, దాన్నీ పరిమితుల్లో కలిపేసేవారున్నారు. అది పరిమితి కాదు, మిగిలిపోయిన పని. వార్తల్లో పదోవంతైనా మరొకరి చేత విడిగా వర్గీకరింపజేసి, ఇద్దరి లెక్కలూ ఎంతవరకు కలిశాయో చూసుకున్నాకే సమర్పించాలి.

ఇక భావి పరిశోధన. ఇక్కడ మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షాలను చూడాలి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ చాపెల్ హిల్‌లో వారు మాట్లాడింది 100 మందితోనే, అదీ ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోనివారితో. పత్రికలు, టీవీ దేనికి ప్రాధాన్యమిచ్చాయో ఓటర్లకూ అదే ముఖ్యంగా కనిపించింది. 1972లో అచ్చయిన వ్యాసంలో ఈ పోలిక బలంగా ఉందని గట్టిగానే చెప్పారు. మీడియాయే కారణమని ఇది రుజువు చేయదని కూడా ఒప్పుకున్నారు. ఎవరు ఏ మీడియా చూస్తారో, ఏం ఆలోచిస్తారో వ్యక్తి వ్యక్తికీ పోల్చి చూడాలన్నారు. 1972 ఎన్నికలప్పుడు షార్లట్ నగరంలో అవే ముఖాలను పలుమార్లు పలకరించి, ముందు మారేది పత్రికా, పాఠకుడా అని చూశారు. మొదటి వ్యాసం మాత్రం చెక్కుచెదరలేదు.

మన విద్యార్థికీ 'మరింత విస్తృత అధ్యయనం అవసరం' అనే మాట అక్కర్లేదు. రైతు మాట ఎందుకు రాలేదో వార్తలు చదివితే తెలియదు. మండల విలేకరులను కూర్చోబెట్టి, ఒక్కో వార్తకు ముందు ఎవరికి ఫోన్ చేశారో, రైతు చెప్పిన మాట డెస్కులో కోత పడిందా, అసలు నోట్‌బుక్కులోకే ఎక్కలేదా అని అడగాలి. భావి పరిశోధన కింద ఆ ప్రశ్న ఒక్కటి రాస్తే చాలు.