ఖాతాలో డబ్బుంది... చందా కట్టలేదట!

ఖాతాలో పదివేలున్నాయి. అయినా టీవీలో సినిమాల చందా రెన్యువల్ కాలేదు. శ్రీసత్యసాయి జిల్లా రొళ్లలోని ఓ ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. ఎందుకు?

ఆటోడెబిట్‌కి ఒప్పుకుంటూ మనం బ్యాంకుకిచ్చే అనుమతే మ్యాండేట్. ఒకసారికి ఎంతవరకూ తీసుకోవచ్చో అందులోనే ఉంటుంది. ఈ ఇంటివాళ్లు నెలకు 499 రూపాయల చందాకు 500 పరిమితి పెట్టారు. తర్వాత కంపెనీ దాన్ని 599 చేసింది. డబ్బున్నా, అనుమతి లేదు. అందుకే బ్యాంకు తిప్పికొట్టింది. పరిమితిని మార్చుకోవాలి, లేదంటే పాతది రద్దుచేసి కొత్త మ్యాండేట్ ఇవ్వాలి.

దీనిపైన రిజర్వుబ్యాంకు గీసిన గీత మరొకటుంది. కార్డులపై 2021 అక్టోబరులో నిబంధనలు గట్టిగా అమలైనప్పుడు అది 5,000 రూపాయలు. 2022 జూన్‌లో 15,000 అయింది. అది దాటితే ప్రతిసారీ ఓటీపీ కొట్టాల్సిందే. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం 2023 డిసెంబరులో లక్షకు పెంచారు.

డబ్బు తీసేందుకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. వద్దనుకుంటే అప్పుడే ఆపేయొచ్చు, చాలకపోతే ఖాతాలో డబ్బు వేసుకోవచ్చు. అందుకే ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి!