సంతకం ఎవరిది? ఇంటిపేరు ఎవరిది?

ఒంటరిగా పిల్లల్ని పెంచే అమ్మకి బంధువులు ఇచ్చే సలహాలు రెండు రకాలు. ఒకటి, "నలుగురూ ఏమనుకుంటారు" రకం. రెండోది, "రూల్ ప్రకారం కుదరదు" రకం. మొదటిదానికి అమ్మ ఊరుకున్నా సరిపోతుంది. రెండోది అలా కాదు. ఇంట్లో ఎవరికీ రూల్ తెలియదు కాబట్టి, చెప్పినవాళ్ల వయసుని బట్టి అది నిజమైపోతుంది. టోలిచౌకిలో అమ్మ, నేను, తమ్ముడు ఉండే ఇంట్లో గత తొమ్మిదేళ్లుగా నేను ఎక్కువగా విన్నది ఈ రెండో రకమే. అందులో రెండు విషయాలు తీసుకుని, చట్టం నిజంగా ఏం చెప్తుందో ఇక్కడ రాస్తున్నాను. మన క్లాసుల్లో కూడా ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని.

మొదటిది సంతకం. తమ్ముడికి పదమూడేళ్లప్పుడు పాస్‌పోర్ట్ అవసరమైంది. అమ్మానాన్నలు విడిగా ఉంటున్నారు, విడాకులు తీసుకోలేదు. నాన్న ఫోన్ ఎత్తరు. మా పెద్దమ్మ వెంటనే తేల్చేసింది: "తండ్రి సంతకం లేకుంటే పాస్‌పోర్ట్ ఇయ్యరే. పిల్లల కోసమైనా సర్దుకొని పో." ఈ మాటలో మొదటి సగం రూల్, రెండో సగం తీర్పు. మొదటి సగం నిజమైతే రెండో సగానికి బలం వస్తుంది. కాబట్టి ముందు దాన్ని పరీక్షించాలి.

మైనర్ పాస్‌పోర్ట్‌కి మామూలుగా తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ కలిసి ఇచ్చే డిక్లరేషన్ పేరు అనెక్షర్ డి. పెద్దమ్మకి తెలిసింది ఇంతవరకే. ఒకరి ఒప్పుకోలు దొరకనప్పుడు ఇచ్చేది వేరే ఉంది, దాని పేరు అనెక్షర్ సి. అందులో దరఖాస్తు చేసే తల్లి, రెండోవారి ఒప్పుకోలు ఎందుకు లేదో కారణం చెప్పి, బిడ్డ బాధ్యత తనదేనని రాసి సంతకం పెడుతుంది. 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ రూల్స్ సడలించింది. అప్పటి నుంచి ఇలాంటి డిక్లరేషన్లు తెల్ల కాగితం మీద రాసి ఇస్తే చాలు, నోటరీ అక్కర్లేదు. అదే మార్పుతో ఆన్‌లైన్ ఫారంలో తల్లి, తండ్రి, గార్డియన్ - వీళ్లలో ఒక్కరి పేరు ఇస్తే సరిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, తండ్రి పేరు పక్కనున్న ఎర్ర చుక్క తీసేశారు.

టోలిచౌకిలో ఏళ్ల తరబడి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉండేది. చాలా ఇళ్లలో నాన్నలు గల్ఫ్‌లో పనిచేస్తారు కాబట్టి మా ఏరియాలో పాస్‌పోర్ట్ మాట రాని ఇల్లు తక్కువ. అయినా అనెక్షర్ సి గురించి మాకు ఏ బంధువూ చెప్పలేదు. వెబ్‌సైట్‌లో నమూనా చూసి అమ్మ చేత్తో రాసింది. కారణం దగ్గర ఆగిపోయింది, ఏమని రాయాలి అని. నాన్న మీద ఫిర్యాదేమీ రాయలేదు. ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో, కోర్టులో కేసేదీ లేదని, పిల్లలు తన దగ్గరే ఉన్నారని మాత్రం రాసింది. ఆ కాగితానికి కావలసింది అంతే. పాస్‌పోర్ట్ పోస్టులో ఇంటికొచ్చింది.

దీనికి హద్దులున్నాయి. కోర్టులో కస్టడీ కేసు నడుస్తూ, పాస్‌పోర్ట్ ఇవ్వొద్దని జడ్జి ఆర్డర్ ఇచ్చి ఉంటే ఈ కాగితం పనిచేయదు, కోర్టు అనుమతే తెచ్చుకోవాలి. తెలిసి అబద్ధం రాస్తే 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం నేరం. అంటే నాన్నతో మాటలు బాగానే ఉండి, ఊరికే చికాకు ఎందుకని "ఆచూకీ లేదు" అని రాయకూడదు.

మరి "తండ్రి ఉండగా తల్లి గార్డియన్ ఎలా అవుతుంది" అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి అని ఉంది. చాలాకాలం ఆ "తర్వాత"ని ఆయన చనిపోయాక అనే చదివారు. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరు మీద బాండ్లు కొనబోయి, గార్డియన్‌గా తానే సంతకం పెడితే, రిజర్వ్ బ్యాంక్ తండ్రి సంతకం అడిగింది. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1999లో కోర్టు ఆ మాటకి "ఆయన లేనప్పుడు" అని అర్థం చెప్పింది. లేకపోవడం అంటే చావు ఒక్కటే కాదు. పిల్లల్ని పట్టించుకోకపోయినా, దూరంగా ఉన్నా, ఇద్దరూ తల్లే చూసుకోవాలని అనుకున్నా, అది లేనట్టే. ఒక్క పదానికి అర్థం మారితే ఎంతమంది అమ్మల సంతకం చెల్లుతుందో చూడండి. ఈ చట్టం హిందువులకే. మా పక్కింటి ముస్లిం కుటుంబానికి గార్డియన్ నియమాలు వేరు. పాస్‌పోర్ట్ డిక్లరేషన్ మాత్రం అందరికీ ఒకటే.

రెండో విషయం ఇంటిపేరు. ఇక్కడ బంధువుల మాట నిజంగానే కోర్టుల దాకా వెళ్లిన తెలుగు కేసు ఒకటుంది: ఆకెళ్ళ లలిత వర్సెస్ కొండా హనుమంతరావు. 2006లో ఆమె భర్త చనిపోయేనాటికి బాబుకి మూడు నెలలు కూడా నిండలేదు. మరుసటి ఏడాది ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో బాబు నాన్నమ్మ, తాతయ్య తమనే గార్డియన్లుగా నియమించమని పిటిషన్ వేశారు. కింది కోర్టు కొట్టేసింది, బాబుని చూడ్డానికి మాత్రం వాళ్లకి వీలిచ్చింది. కేసు హైకోర్టుకి వెళ్లాక, 2014 జనవరిలో తీర్పు ఇంకో దారి పట్టింది. బాబుకి కన్నతండ్రి ఇంటిపేరే తిరిగి పెట్టాలని, రికార్డుల్లో ఆయన పేరు చూపించడం కుదరకపోతే ఇప్పటి భర్తని "సవతి తండ్రి" అని రాయాలని కోర్టు చెప్పింది.

2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. చెప్పిన కారణాలు చాలా సూటిగా ఉంటాయి. తండ్రి చనిపోయాక తల్లే సహజ సంరక్షకురాలు, కాబట్టి ఇంటిపేరు నిర్ణయించేది ఆమే. బిడ్డని దత్తత ఇచ్చే హక్కు కూడా ఆమెకుంది. "సవతి తండ్రి" అని కాగితాల్లో రాయడం బిడ్డ మనసు మీద ఏం చేస్తుందో ఆలోచించకుండా ఇచ్చిన క్రూరమైన ఆదేశమది అంది. ఇంకోటి, అసలు ఆ పిటిషన్‌లో ఇంటిపేరు మార్చమని ఎవరూ అడగనే లేదు. అడగని ఉపశమనం కోర్టు ఇవ్వకూడదు.

తాతయ్య వైపు బాధ నాకు అర్థమవుతుంది. కొడుకు పోయాక మిగిలింది ఆ పేరే అనిపిస్తుంది. ఆ బాధ నిజమే, కానీ అది ఆజ్ఞ కాలేదు. మా ఇంట్లోనూ "పిల్లలకి వాళ్ల ఇంటిపేరు ఎందుకింకా" అనేవాళ్లున్నారు, "మారిస్తే వంశం ఏమవుద్ది" అనేవాళ్లూ ఉన్నారు. అమ్మ మార్చలేదు. మా సర్టిఫికెట్లన్నీ ఆ పేరుతోనే ఉన్నాయి, అదే కారణం.

ఆ పాస్‌పోర్ట్ తర్వాత అమ్మ ఒక ప్రశ్న అలవాటు చేసుకుంది. ఎవరైనా "కుదరదు" అంటే, "అక్కా, అది ఏ ఫారంలో రాసుంది?" అని మెల్లగా అడుగుతుంది. ఫారం పేరు చెప్తే కూర్చుని చదువుతుంది. చెప్పలేకపోతే అది సలహా మాత్రమే. అలా అడిగినందుకే మావయ్య ఒకసారి ఆధార్‌లో అడ్రస్ మార్పుకి తనే వెంట వచ్చి లైన్లో నిలబడ్డాడు. పెద్దమ్మ ఇప్పటికీ సర్దుకుపోమనే అంటుంది. కానీ "పిల్లల పాస్‌పోర్ట్ కోసం" అనడం మానేసింది, "నా మనసు కోసం" అంటుంది. దానికి అమ్మ చాయ్ పెట్టి వింటుంది, ఒప్పుకోదు.